షర్ట్ కాలర్, స్టాండ్: మెడ కొలవడం దగ్గర్నుంచి ఆఖరి కుట్టు దాకా

ప్రశ్న: ఇప్పటికి ఆరు షర్టులు కుట్టాను. చేతులు, పాకెట్, బటన్ పట్టీ బాగానే వస్తున్నాయి. కాలర్ దగ్గరికి వచ్చేసరికి టెన్షన్. ఒకసారి స్టాండ్ మెడకంటే 3 సెం.మీ. పొట్టిగా వచ్చింది. లాగి కుడితే మెడంతా ముడతలు. ముందు పట్టీ దగ్గర ఎప్పుడూ చిన్న మెట్టులా ఉంటుంది, కాలర్ మొనలు రెండూ ఒకేలా రావు. స్టాండ్, కాలర్ ఎలా గీయాలో, నీట్‌గా ఎలా వేయాలో కొలతలతో చెప్పగలరా?

సమాధానం:

ముందు ఆ 3 సెం.మీ. ఎక్కడికి పోయాయో చూద్దాం. అది తెలిస్తే మిగతా సగం తెలిసినట్టే. మీరు షర్ట్ మెడను కత్తిరించిన అంచు మీద టేపు పెట్టి కొలిచి ఉంటారు. స్టాండ్ వచ్చి కూర్చునేది ఆ అంచు మీద కాదు, దానికి కాస్త కింద ఉండే కుట్టు గీత మీద. బావి ఒరకు లోపలి చుట్టు చిన్నది, బయటి చుట్టు పెద్దది కదా. షర్ట్ మెడ కూడా అలాంటి కన్నమే. కత్తిరించిన అంచు లోపలి చుట్టు, కుట్టు గీత బయటి చుట్టు. మామూలు షర్ట్ మెడలో గీత 1 మి.మీ. కిందికి జరిగితే మెడ మొత్తం మీద సుమారు 5 మి.మీ. పెరుగుతుంది. మీరు కుట్టుకి 6 మి.మీ. వదిలారనుకోండి, అంచు కొలతకీ గీత కొలతకీ సరిగ్గా 3 సెం.మీ. తేడా వస్తుంది. మీ స్టాండ్ పొట్టిగా రాలేదు, మీరు కొలిచిన చోటే తప్పు.

ఈ 1 మి.మీ.కి 5 మి.మీ. లెక్క గుర్తుంచుకోండి, కింద మళ్లీ రెండుసార్లు పనికొస్తుంది. స్టాండ్ సరిగ్గా గీసుకున్నా కుట్టేటప్పుడు ఒకచోట 6, ఇంకోచోట 8 మి.మీ. పట్టుకుంటే మెడ కొలత మారిపోతూనే ఉంటుంది. అందుకే ఒకసారి పొట్టి, ఒకసారి పొడుగు అనిపిస్తుంది.

ఒక షర్టు తీసుకుని గీద్దాం. అంగుళాల్లో భిన్నాలతో సగాలు తీయడం చిరాకు, కాబట్టి సెంటీమీటర్లలో చెబుతాను. మనిషి మెడ చుట్టుకొలత 39. బటన్ పెట్టాక ఒక వేలు దూరేంత వదులు కోసం 1 కలిపి, పూర్తయిన కాలర్ 40 కావాలి. బటన్ పట్టీ వెడల్పు 3.

స్టాండ్ గీయడానికి ముందు షర్ట్ ముందు, వెనుక భాగాల కాగితాలు తీసుకుని భుజం దగ్గర కలిపి పెట్టండి. కుట్టు గీత మీద టేపును పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, వంపు వెంట నడిపిస్తూ కొలవండి. వెనుక మధ్య నుంచి భుజం కుట్టు దాకా 8.8, అక్కడి నుంచి ముందు మధ్య గీత దాకా 11.6 వచ్చిందనుకుందాం. మొత్తం సగం మెడ 20.4. కాలర్ 40 అయితే సగం 20 ఉండాలి కదా, ఈ 0.4 ఎందుకు ఎక్కువ అంటారా? స్టాండ్ ముందుకు వచ్చేకొద్దీ పైకి వంగుతుంది. దానివల్ల అడుగు అంచు కంటే పై అంచు చిన్నదవుతుంది. బటన్ వచ్చేది స్టాండ్ ఎత్తులో మధ్యన. అక్కడ కొలిస్తే సగానికి 4 మి.మీ. దాకా తగ్గి 20 దగ్గరికి వచ్చేస్తుంది.

కాగితం మీద ఎడమ పక్క ఒక నిలువు గీత గీయండి, అది వెనుక మధ్య, అంటే మడత. దాని అడుగున 'క' అని పెట్టి కుడివైపు అడ్డగీత గీయండి. క నుంచి 8.8 దగ్గర భుజం గుర్తు. క నుంచి 20.4 దగ్గర 1.5 పైకి లేపి 'ట' పెట్టండి, అది ముందు మధ్య. క నుంచి భుజం గుర్తు దాకా అడుగు గీత తిన్నగా పోవాలి. అక్కడి నుంచి మెల్లగా లేస్తూ ట దగ్గరికి చేరాలి. వంపు ఎక్కడా గూనిలా కనిపించకూడదు. గీశాక వంపు వెంట మళ్లీ కొలవండి. వంపు తిన్నని గీత కంటే పొడుగు కాబట్టి 20.5 పైగా చూపిస్తుంది. సగానికి మిల్లీమీటరున్నరే అయినా రెండు పక్కలా కలిపితే 3 మి.మీ. అవుతుంది. ట ను ఆ మేరకు వెనక్కి జరిపి సరిగ్గా 20.4 చేయండి. చాలామంది వదిలేసేది ఇదే.

ఆ 1.5 లేపు ఎందుకో కూడా చెప్పాలి. స్టాండ్‌ను తిన్నటి పట్టీలా కత్తిరిస్తే అది మెడ చుట్టూ గొట్టంలా నిలబడుతుంది, పై అంచు మెడకు తగలకుండా దూరంగా ఉంటుంది. మన మెడ కింద కాస్త లావు, పైకి పోయేకొద్దీ సన్నం. ముందు కొన లేపితే పై అంచు తగ్గి మెడను అనుకుని కూర్చుంటుంది. ఈ లేపు 1 నుంచి 2 మధ్య ఉంటే బాగుంటుంది. అంతకంటే పెంచితే పై బటన్ పెట్టినప్పుడు గొంతు దగ్గర గుచ్చుతుంది.

ఇప్పుడు ట నుంచి అదే వాలులో ఇంకో 1.5 ముందుకు సాగదీయండి. పట్టీ వెడల్పు 3లో సగం అది. పట్టీ అంచు దాకా స్టాండ్ వెళ్లాలి కాబట్టి ఈ సాగింపు తప్పదు. మీ మెట్టుకు సగం కారణం ఇక్కడే ఉంటుందని నా అనుమానం. చాలామంది స్టాండ్ ముందు గుండ్రాన్ని అడుగు మూల నుంచే మొదలుపెడతారు. అలా చేస్తే ఎంత బాగా కుట్టినా పట్టీ అంచు దగ్గర కోసినట్టు గాటు కనిపిస్తుంది. అడుగు మూల నుంచి ఒక సెంటీమీటరు దాకా అడుగు గీతకు సరిగ్గా మూలమట్టంగా పైకి పోనిచ్చి, ఆ తర్వాతే గుండ్రం తిప్పండి. షర్ట్ మెడ గీత కూడా ముందు మధ్య నుంచి పట్టీ అంచు దాకా పట్టీకి మూలమట్టంగానే ఉండాలి. రెండూ అలా ఉంటే పట్టీ అంచు, స్టాండ్ అంచు ఒకే గీతలా కలుస్తాయి.

స్టాండ్ ఎత్తు వెనుక మధ్యన 3.2, ఆ పై చుక్క 'ప'. ట దగ్గర అడుగు గీతకు మూలమట్టంగా 2.8, ఆ చుక్క 'మ'. ప నుంచి మ దాకా అడుగు వంపు లాంటి వంపే గీసి, మ నుంచి ముందు గుండ్రాన్ని కలపండి. స్టాండ్ అయిపోయింది.

ఇక కాలర్, అంటే స్టాండ్ మీదుగా కిందికి మడిచే భాగం. దీన్ని విడిగా వేరే కాగితం మీద గీయకండి, స్టాండ్ పైనే గీస్తే రెండూ కలుస్తున్నాయో లేదో కంటికి కనిపిస్తుంది. ప నుంచి వెనుక మధ్య గీత మీదే 2 పైకి వెళ్లి 'య' పెట్టండి. య నుంచి మొదట అడ్డంగా బయలుదేరి, మెల్లగా కిందికి దిగుతూ మ దగ్గరికి చేరే వంపు గీయండి. స్టాండ్ పై అంచు పైకి లేస్తుంది, కాలర్ అడుగు అంచు కిందికి దిగుతుంది. రెండూ అద్దంలో చూసినట్టు ఎదురెదురుగా ఉంటాయి. కాగితం మీద ఎదురెదురు వంపులు చూసి కొత్తవాళ్లు తప్పేమో అనుకుని ఒకేవైపు తిప్పేస్తారు. అలా తిప్పితే కాలర్ బయటి అంచు చాలదు. కాలర్ మడిచినప్పుడు స్టాండ్ చుట్టూ పెద్ద చుట్టు తిరగాలి, దానికి బయటి అంచు పొడుగ్గా ఉండాలి. చాలకపోతే కాలర్ పైకి పాకి, వెనుకవైపు స్టాండ్ కుట్టు బయటపడుతుంది.

ప–మ, య–మ రెండు వంపులూ కొలవండి. 1 మి.మీ. కంటే ఎక్కువ తేడా ఉండకూడదు. తర్వాత య నుంచి పైకి 4.2, అది వెనుక కాలర్ ఎత్తు. స్టాండ్ 3.2 కాబట్టి మడిచాక ఇంకో 1 సెం.మీ. దిగి మెడ కుట్టును కప్పేస్తుంది. మొన కోసం మ నుంచి నిట్టనిలువుగా 6.2 వెళ్లి, అక్కడి నుంచి బయటికి 2.5 జరిగి చుక్క పెట్టండి. మ నుంచి ఆ మొన దాకా తిన్నగా కలిపితే సుమారు 6.7 వస్తుంది. మామూలు షర్టుకు చూడచక్కగా ఉండే పొడుగు అది. పై అంచు వెనుక మధ్యన అడ్డంగా బయలుదేరి, సగం దాటాక కొద్దిగా లేస్తూ మొనకు చేరుతుంది. మొన ఎంత విప్పారాలన్నది ఫ్యాషన్ సంగతి, మీ ఇష్టం. య–మ గీతను మాత్రం ముట్టుకోకండి.

అన్ని చుట్లా కుట్టుకు బట్ట వదలండి. మెడకు తగిలే అంచుకు, అంటే స్టాండ్ అడుగుకూ షర్ట్ మెడకూ, 7 మి.మీ. చాలు. మిగతా చోట్ల 1 సెం.మీ. వదిలి కుట్టాక కత్తిరించుకోవచ్చు. మెడ దగ్గర 1 సెం.మీ. వదిలితే అంచుకీ గీతకీ దాదాపు 5 సెం.మీ. తేడా ఉంటుంది. అంచు బిగుసుకుపోయి స్టాండ్ మీద పరుచుకోదు, గాట్లు ఎక్కువ పెట్టాలి, మందం పెరుగుతుంది. 7 మి.మీ. అయితే ముందు వంపులో నాలుగైదు చిన్న గాట్లతో పని అయిపోతుంది.

గుర్తులు కాగితం మీదే పెట్టి, ప్రతి ముక్క మీదికీ తప్పకుండా దించండి. వెనుక మధ్య, భుజం, ముందు మధ్య: ఈ మూడు చోట్లా 3 మి.మీ. గాటు. మెడ పనిలో గుర్తు లేకుండా కంటి అంచనాతో పోయినవాళ్లు ఎవరూ బాగుపడలేదు, నాతో సహా.

బట్ట సంగతి. కాటన్ అయితే తడిపి, ఆరబెట్టి, ఇస్త్రీ చేశాకే కత్తిరించండి. బట్ట ఉతికితే కుంచించుకుపోతుంది, లోపల అతికించిన కాన్వాస్ కుంచించుకోదు. అప్పుడు కాలర్ మీద బుడగలు లేస్తాయి, వాటికి మందు లేదు. పోగు విషయంలో ఒకటే చూసుకోవాలి: కాలర్ ముక్కను వెనుక మధ్యన మడిచినప్పుడు నిలువు పోగు మడతతో కచ్చితంగా కలవాలి. వాలుగా పోతే ఒక మొన బిగుసుకుని, ఇంకో మొన సాగుతుంది. చారల బట్టలో ఇది వెంటనే కనిపిస్తుంది, సాదా బట్టలో రెండు ఉతుకుల తర్వాత బయటపడుతుంది.

కాన్వాస్‌ను కుట్టు బట్ట లేకుండా, గీసిన గీత కొలతకే కత్తిరించండి. కాలర్‌కి పై ముక్కకు, స్టాండ్‌కి బయటి ముక్కకు అతికించండి. ఇస్త్రీ పెట్టెను అటూ ఇటూ రుద్దకుండా ఒకచోట నొక్కి పది పదిహేను సెకన్లు ఉంచి, ఎత్తి పక్కన పెట్టాలి. చల్లారేదాకా ముక్కను కదపకండి. కాన్వాస్ అంచే ఇప్పుడు మీ కుట్టు గీత. ఇక సుద్ద గీత అక్కర్లేదు. సూది కాన్వాస్ మీదికి ఎక్కకుండా, దాని అంచుకు ఒక్క నూలు పోగు దూరంలో నడవాలి.

కాలర్ అడుగు ముక్కను బయటి మూడు అంచుల్లో పై ముక్క కంటే 2 మి.మీ. చిన్నగా కోయండి. కుట్టేటప్పుడు రెండింటి అంచులూ కలిపి పట్టుకుంటే అడుగు ముక్క కొంచెం బిగువుగా ఉంటుంది. తిప్పాక కుట్టు అడుగువైపు ఒదిగిపోతుంది, మొనలు కిందికి వంగి షర్ట్ మీద పడుకుంటాయి. రెండు ముక్కలూ సమానంగా కోస్తే మొనలు ఎండిన ఆకులా పైకి లేస్తాయి.

మొనలు సమానంగా రాకపోవడానికి గీత తప్పు అరుదు, కుట్టే దిశ తప్పు ఎక్కువ. మెషిన్ పళ్లు అడుగు బట్టను లాక్కుంటూ పోతాయి, పై బట్టను పాదం వెనక్కి ఆపుతూ ఉంటుంది. ఒక మొన నుంచి మొదలుపెట్టి రెండో మొన దాకా ఏకబిగిన కుడితే ఆ తేడా అంతా చివరి మొన దగ్గర పోగుపడుతుంది. పని నేర్చుకునే రోజుల్లో నేను కుట్టిన ఒక తెల్ల షర్టులో ఒక మొన 4 మి.మీ. పొడుగు వచ్చింది. టై కట్టుకుంటే ఎవరికీ తెలియదులే అనుకున్నాను. టై కట్టుకున్నాకే ఇంకా బాగా కనిపించింది. ఆ రోజు నుంచి కాలర్ అయినా స్టాండ్ అయినా వెనుక మధ్య నుంచే మొదలుపెట్టి ఒక పక్కకు పోతాను. మళ్లీ మధ్య నుంచి రెండో పక్కకు. మధ్యలో రెండు సెంటీమీటర్లు కుట్టు మీద కుట్టు పడుతుంది, అంతే. రెండో పక్కకు పోయేటప్పుడు ముక్క మెషిన్ చేతి లోపలి వైపు ఉంటుంది. చిన్న ముక్క కాబట్టి ఇబ్బంది పెట్టదు. కాన్వాస్ ఎప్పుడూ పైకి కనిపించేలా పెట్టుకోండి.

మొన దగ్గరికి వచ్చేసరికి కుట్టు పొడుగు 1.5 మి.మీ.కి తగ్గించండి. సరిగ్గా మూలలో సూది దించి తిప్పకుండా, మూలకు ఒక కుట్టు ముందు ఆగి, అడ్డంగా ఒక్క కుట్టు వేసి, తర్వాత పక్క అంచులోకి తిరగండి. మూల మొద్దుబారుతుందేమో అని భయం అక్కర్లేదు. తిప్పాక బట్ట మందానికి చోటు దొరికి మొన ఇంకా సూదిగా కనిపిస్తుంది. కుట్టు బట్టను 5 మి.మీ.కి, మొన చుట్టూ 2–3 మి.మీ.కి కత్తిరించండి. ముందు కుట్టును విడదీసి ఇస్త్రీ చేసి ఆ తర్వాత తిప్పండి. కత్తెర మొనతో లోపలి నుంచి పొడిస్తే ఏదో ఒకరోజు చిల్లు పడుతుంది. మొద్దు పుల్ల వాడండి. తిప్పాక కాలర్‌ను వెనుక మధ్యన మడిచి రెండు మొనలూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి. తేడా ఉంటే పై కుట్టు వేయకముందే విప్పి సరిచేసుకోవాలి. సరిపోతే అంచు నుంచి 5–6 మి.మీ. దూరంలో పై కుట్టు వేసి, కింద తెరిచి ఉన్న అంచును సమం చేసి గుర్తులు మళ్లీ పెట్టుకోండి.

ఇప్పుడు స్టాండ్. కాన్వాస్ అతికించిన బయటి ముక్క అడుగు బట్టను కాన్వాస్ అంచు మీదికి మడిచి ఇస్త్రీ చేయండి, అంచు కత్తిలా రావాలి. లోపలి ముక్కకు మడత వద్దు, అడుగు బట్ట అలాగే వేలాడనివ్వండి. కాలర్‌ను రెండు స్టాండ్ ముక్కల మధ్య పెట్టాలి. ఎటువైపు ఏది అన్న దగ్గరే చాలామంది తికమక పడతారు. కాలర్ పైకి నిలబడి ఉన్నట్టు ఊహించుకోండి. మెడకు తగిలేవైపు స్టాండ్ లోపలి ముక్క, కాలర్ పై ముక్క ఒకే వరసలో ఉంటాయి. వెలుపలివైపు స్టాండ్ బయటి ముక్క, కాలర్ అడుగు ముక్క ఉంటాయి. కాబట్టి లోపలి స్టాండ్ మంచి వైపు కాలర్ పై ముక్కకు, బయటి స్టాండ్ మంచి వైపు కాలర్ అడుగు ముక్కకు ఆనాలి. పిన్నులు పెట్టాక ఒకసారి తిప్పి చూసుకుని అప్పుడు కుట్టండి.

ఇక్కడా వెనుక మధ్య నుంచి ఒక పక్కకు, మళ్లీ మధ్య నుంచి రెండో పక్కకు. కాలర్ కొన ముందు మధ్య గుర్తుకు కచ్చితంగా ఆనాలి. అక్కడి నుంచి గుండ్రం మీదుగా అడుగు మడత దాకా కుట్టి ఆపండి. గుండ్రం దగ్గర బట్ట 3 మి.మీ.కి కత్తిరించి తిప్పండి. రెండు గుండ్రాలూ ఎదురెదురుగా పెట్టి పోల్చండి. ఒకటి బండగా ఉంటే ఇప్పుడే సరిచేయాలి, షర్ట్‌కు అతికాక చేయి దూరదు.

షర్ట్ వైపు కూడా కొంత సిద్ధం చేయాలి. మెడ వంపులో బట్ట ఏటవాలుగా ఉంటుంది, చేత్తో పట్టుకుంటేనే సాగుతుంది. కాబట్టి కత్తిరించిన వెంటనే కుట్టు గీతకు ఒక మిల్లీమీటరు అంచు వైపుగా ఒంటి కుట్టు వేసి ఉంచండి. భుజాలు కలిపి, బటన్ పట్టీలు పూర్తి చేశాక, రెండు ముందు భాగాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి పట్టీల పై కొనలు ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో చూడండి. ఒకటి 3 మి.మీ. ఎత్తుగా ఉంటే స్టాండ్ ఎంత బాగా వేసినా బటన్ పెట్టాక కాలర్ ఒకవైపు ఒరుగుతుంది.

ఇప్పుడు అసలు పరీక్ష. కుట్టిన షర్ట్ మెడను కుట్టు గీత మీద కొలవండి, తయారైన స్టాండ్ అడుగు అంచును కొలవండి. కాగితం మీద రెండూ ఒకటే అయినా బట్టలో మారి ఉండవచ్చు. ఉదాహరణకు మన స్టాండ్ అడుగు పట్టీ సాగింపులతో కలిపి 43.8 ఉంది (20.4, 1.5 కలిపి రెండింతలు). షర్ట్ మెడ పట్టీ అంచు నుంచి పట్టీ అంచు దాకా 44.4 వచ్చిందనుకుందాం, అంటే 6 మి.మీ. సాగింది. దీన్ని లాగి ఇమడ్చాలని చూడకండి, అక్కడే ముడతలు పుడతాయి. పైన చెప్పిన లెక్క గుర్తుందా? గీత 1 మి.మీ. అంచు వైపు జరిగితే మెడ 5 మి.మీ. తగ్గుతుంది. అంటే షర్ట్ వైపు 7 బదులు 6 మి.మీ. పట్టుకుని కుడితే చాలు, మిగిలిన 1 మి.మీ. దానంతటదే సర్దుకుంటుంది. మెడ చిన్నదై స్టాండ్ పెద్దదైతే 8 మి.మీ. పట్టుకోండి. స్టాండ్ గీతను మాత్రం కదపకూడదు, మార్పు అంతా షర్ట్ వైపే. తేడా సెంటీమీటరున్నర దాటితే ఈ చిట్కా పనిచేయదు, స్టాండ్ మళ్లీ కోయాల్సిందే.

అతికించే పద్ధతులు రెండున్నాయి. బయటి ముక్కను ముందు కుట్టి, లోపల మడత పెట్టి మూసేది ఒకటి. అందులో ఆఖరి కుట్టు బయటి నుంచి వేస్తే లోపలి మడత పట్టిందో లేదో కనిపించదు, లోపలి నుంచి వేస్తే బయట కుట్టు ఎటు పోతుందో తెలియదు. నేను రెండోది చేస్తాను. లోపలి ముక్కను ముందు షర్ట్ లోపలి వైపుకు కుట్టి, బయటి మడతను పైనుంచి మూస్తాను. ఆఖరి కుట్టు కళ్ల ముందే పడుతుంది.

షర్ట్ లోపలి వైపు పైకి పెట్టి, లోపలి స్టాండ్ మంచి వైపు దానికి ఆనించండి. మొదట పిన్ను వెనుక మధ్య, తర్వాత రెండు భుజాలు, తర్వాత రెండు ముందు మధ్యలు. ఆ తర్వాత నేరుగా కుట్టుకుంటూ పోకండి. ముందు రెండు కొనల దగ్గర 3 సెం.మీ. చొప్పున మాత్రమే కుట్టండి. పట్టీ అంచు స్టాండ్ చివరి కుట్టుకు ఆని ఉండాలి. బట్ట మందం కోసం అర మిల్లీమీటరు లోపలికి ఉన్నా మంచిదే, బయటికి మాత్రం పొడుచుకు రాకూడదు. మొదటి రెండు మూడు కుట్లు మెషిన్ చక్రం చేత్తో తిప్పి వేయండి. అక్కడ పట్టీ మడతలన్నీ కలిసి మందంగా ఉంటుంది, మోటారు వేగానికి పాదం జారుతుంది. అయ్యాక స్టాండ్‌ను పైకి తిప్పి, రెండు ముందు భాగాలూ కలిపి పట్టుకుని చూడండి. పట్టీ నుంచి స్టాండ్ దాకా అంచు ఒకే గీతగా పోతే మెట్టు లేనట్టే. ఉంటే విప్పాల్సింది 3 సెం.మీ. మాత్రమే. సరిపోయాక మిగతాది వెనుక మధ్య నుంచి రెండు పక్కలా పూర్తి చేయండి. ముందు వంపులో షర్ట్ అంచుకు గాట్లు కుట్టు ముందే పెట్టాలి, ఒంటి కుట్టుకు 2 మి.మీ. దూరంలో ఆపాలి. పట్టీ మూలలో ఉన్న పొరలను ఒకదానికంటే ఒకటి చిన్నగా మెట్లుగా కత్తిరించి, బట్టంతా స్టాండ్ లోపలికి తోసి ఇస్త్రీ చేయండి.

ఇప్పుడు బయటి స్టాండ్ మడత మొదటి కుట్టును 1 మి.మీ. మేర కప్పాలి. పిన్నులు పెట్టండి, చేతికి నమ్మకం లేకపోతే చేతి కుట్టుతో పట్టించుకోండి. ఆఖరి కుట్టును కాలర్ కింద దాగే చోట, అంటే స్టాండ్ పై అంచు మీద కాలర్ కొన నుంచి 3 సెం.మీ. లోపల మొదలుపెట్టండి. ముందు గుండ్రం చుట్టి, అడుగు అంచు వెంట అవతలి పక్కకు పోయి, ఆ గుండ్రం చుట్టి, అటు కాలర్ కింద అంతే దూరంలో ఆపాలి. మడత అంచు నుంచి 1.5 మి.మీ. పైన నడిస్తే, లోపలి వైపు కూడా కుట్టు స్టాండ్ మీదే, కుట్టు గీతకు అర మిల్లీమీటరు పైన పడుతుంది. మధ్యమధ్యలో లోపలి వైపు తిప్పి చూసుకోండి. స్టాండ్ మీద ఏటవాలు మడతలు కనిపిస్తే బయటి ముక్క లోపలి ముక్క కంటే పక్కకు జరిగిందని అర్థం. ఆపి, దగ్గరలోని భుజం గుర్తు దాకా విప్పి, రెండు గుర్తులూ కలిపి మళ్లీ కుట్టండి. ఇస్త్రీతో పోతుందిలే అనుకోవద్దు, పోదు.

కాజా స్టాండ్ ఎత్తులో మధ్యన, అడ్డంగా. బటన్ ముందు మధ్య గీత మీద ఉంటుంది కాబట్టి కాజా బయటి కొన ఆ గీతను దాటి 2–3 మి.మీ. ముందుకు రావాలి. బటన్ పెట్టి, కాలర్ మడిచి, అద్దం ముందు కాకుండా బల్ల మీద పెట్టి వెనుక నుంచి చూడండి. స్టాండ్ కుట్టు ఎక్కడా కనిపించకూడదు. కనిపిస్తే కాలర్ కాగితంలో య ను ఇంకో 3 మి.మీ. పైకి జరిపి, 4.2 ఎత్తును మళ్లీ అక్కడి నుంచే కొలిచి గీసుకోండి. బయటి అంచు ఆ మేరకు పొడుగవుతుంది. య–మ కొలత స్టాండ్ పై అంచుతో ఇంకా కలుస్తోందో లేదో చూసుకుని ఆ కాగితాన్ని దాచుకోండి. ఏడో షర్టుకు అదే పనికొస్తుంది.